నాలుగు రూపాయల పెంపు: క్యారేజీ ఖాతాదారులకు రాసే ఉత్తరం

ఇంట్లో వండి, కాలనీలో పది ఇళ్లకో యాభై ఇళ్లకో క్యారేజీలు పంపేవారు ధర పెంచవలసి వచ్చినప్పుడు రోజూ తినేవాళ్లకు ముందుగా ఒక ఉత్తరం రాస్తారు. అది అరపేజీ దాటదు. కొత్త ధర ఎంత, ఏ తేదీ నుంచి, ఎందుకు, ఇప్పటికే కట్టిన డబ్బు సంగతేమిటి అన్న నాలుగు ప్రశ్నలకు అందులో జవాబుంటే చాలు. ఆ అరపేజీ రాయడానికి ముందు చేయవలసిన లెక్క మాత్రం ఒక సాయంత్రం పడుతుంది. ఉత్తరం నిలబడేది ఆ లెక్క మీదే కాబట్టి ముందు దాని సంగతి చూడాలి.

ఉదాహరణకు హైదరాబాద్‌లో మల్కాజిగిరి, ఉప్పల్ వైపు కాలనీల్లో కనిపించే తరహా సర్వీసు ఒకదాన్ని ఊహించుకోవచ్చు. ఒక గృహిణి వండుతారు. కూరలు తరగడానికి, గిన్నెలు తోమడానికి ఒక సహాయకురాలు, బండి మీద క్యారేజీలు అందించడానికి ఒక కుర్రాడు ఉంటారు. రోజుకు 60 మధ్యాహ్న భోజనాలు, ఆదివారాలు సెలవు, నెలకు 26 రోజులు. క్యారేజీలో అన్నం, పప్పు, ఒక కూర, సాంబారు, పెరుగు. ధర 80 రూపాయలు, నెల ఖాతా 2,080 రూపాయలు. తినేవాళ్లలో ఎక్కువమంది వంట ఓపిక తగ్గిన పెద్దవాళ్లు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లవాళ్లు. సరుకులు, గ్యాసు, జీతాలు, అద్దె, పెట్రోలు అన్నీ పోను నెలాఖరుకు వండే ఆవిడకు సుమారు 26 వేలు మిగిలేది. ఈ ధర పెట్టి ఏడాది అయింది.

ఏడాదిలో ఏది ఎంత పెరిగిందో కిలోల్లో, నెలల్లో చూస్తే బెదురు పుడుతుంది. దాన్ని ఒక్క క్యారేజీకి దించి చూడాలి. బియ్యం కిలోకు 6 రూపాయలు పెరిగిందనుకుంటే, ఒక భోజనానికి పట్టేది 150 గ్రాములు కాబట్టి క్యారేజీకి పడే భారం 90 పైసలు. నూనె లీటరుకు 30 రూపాయలు పెరిగినా, మనిషికి 20 మిల్లీలీటర్లు వాడే వంటలో అది 60 పైసలే. పెరుగు కిలోకు 6 రూపాయలు పెరిగితే 80 గ్రాముల గిన్నెకు 48 పైసలు. గ్యాసు, జీతాలు, అద్దెల్లో పెరిగిన నెల మొత్తాన్ని 1,560తో భాగించాలి, ఎందుకంటే 60 క్యారేజీలు 26 రోజులకు 1,560 అవుతాయి. నెలకు నాలుగు సిలిండర్లు వాడి, సిలిండరుకు 150 రూపాయలు పెరిగితే క్యారేజీకి 38 పైసలు. సహాయకురాలి జీతం వెయ్యి పెరిగితే 64 పైసలు, కుర్రాడిది 1,500 పెరిగితే 96 పైసలు, అద్దె 700 పెరిగితే 45 పైసలు. అన్నీ కలిపితే 4 రూపాయల 41 పైసలు.

లెక్క ఇక్కడితో ఆపేవాళ్లే ఎక్కువ. కానీ తగ్గిన సరుకులు కూడా ఉంటాయి. ఇదే ఏడాదిలో కందిపప్పు కిలోకు 20 రూపాయలు దిగిందనుకుంటే, 30 గ్రాముల వంతున 60 పైసలు తీసివేయాలి. మిగిలేది 3 రూపాయల 81 పైసలు. ఖాతాదారుల్లో ఇంటి సరుకులు తామే తెచ్చుకునేవారుంటారు, పప్పు దిగిన సంగతి వాళ్లకు తెలుసు. దాన్ని ముందే తీసేసి ఉంటే ఎవరు అడిగినా జవాబు సిద్ధంగా ఉంటుంది. పెంపు 4 రూపాయలని ఇలా తేలుతుంది.

గ్యాసు లెక్కలో ఒక జాగ్రత్త. వ్యాపారానికి వండేవారు 19 కిలోల వాణిజ్య సిలిండరు వాడాలి. ఇంటికిచ్చే 14.2 కిలోల సిలిండరును అందుకు వాడకూడదన్నది నిబంధన. వాణిజ్య సిలిండరు ధరను చమురు కంపెనీలు సాధారణంగా ప్రతి నెలా ఒకటో తేదీన సవరిస్తాయి, పెంచిన నెలలూ తగ్గించిన నెలలూ ఉంటాయి. అందుకని లెక్కకు ఒక నెల బిల్లు తీసుకోకుండా ఆర్నెల్ల సగటు తీసుకోవడం మేలు.

పెంచకపోతే ఏమవుతుందో కూడా ఇదే కాగితం చెబుతుంది. 3 రూపాయల 81 పైసలను 1,560తో గుణిస్తే నెలకు దాదాపు 5,940 రూపాయలు. నెలకు 26 వేలు మిగిలిన చోట ఇప్పుడు 20 వేలు మిగులుతుంది. తినేవాడికి అయిదు శాతం తేడా అయినది, వండేవారి సంపాదనలో అయిదో వంతుకు మించిన కోత. మొహమాటపడి ఏళ్ల తరబడి ధర కదపని సర్వీసులు ఒకనాడు చెప్పాపెట్టకుండా మూతపడడం వెనక తరచు ఈ లెక్కే ఉంటుంది.

మరి పెంచితే ఎంతమంది మానేయవచ్చు? అరవై మందీ ఉంటే పెంపు వల్ల రోజుకు అదనంగా వచ్చేది 240 రూపాయలు. ఒక ఖాతా పోతే 84 రూపాయలు పోతాయి, అయితే ఆ భోజనానికి పట్టే సరుకులు, గ్యాసు ఖర్చు సుమారు 37 రూపాయలు ఆదా అవుతుంది. అంటే మనిషి పోతే రోజుకు 47 రూపాయలు నష్టం. సహాయకురాలి జీతం, కుర్రాడి జీతం, అద్దె ఒక్క క్యారేజీ తగ్గినంత మాత్రాన తగ్గవు. అయిదుగురు మానేస్తే 235 రూపాయలు పోయి, పెంపుతో వచ్చినదంతా ఆవిరైపోతుంది. అరవైలో అయిదుగురు. ఉత్తరం శ్రద్ధగా రాయవలసి రావడానికి కారణం ఈ ఇరుకే. నాలుగు రూపాయలు చూసి మానేసేవారు తక్కువ. తమకు తెలియకుండా ఏదో జరిగిందనుకుని మానేసేవారు ఆ అయిదుగురిని ఇట్టే దాటుతారు.

ఉత్తరం రాయకుండా తప్పించుకునే దారి ఒకటి ఉంది. ధర అలాగే ఉంచి కూర అర గరిటె తగ్గించడం, సాంబారు పలచన చేయడం, పాత సోనామసూరి స్థానంలో కొత్త బియ్యం కలపడం. క్యారేజీ విషయంలో ఇది వారం కూడా దాగదు. గిన్నె కొలత మారదు కాబట్టి కూర అంచుకు ఎంత దిగువన ఆగిందో మూత తీయగానే కనిపిస్తుంది. కొత్త బియ్యం అన్నం ముద్ద కట్టి, పెద్దవాళ్లకు అరగక, మొదటి ఫిర్యాదు అక్కడి నుంచే వస్తుంది. ధర పెరిగిందని అలిగినవారు మళ్లీ రావచ్చు. వంట పాడైందనే మాట మెట్ల మీద, లిఫ్టులో చేరితే దాన్ని ఏ ఉత్తరమూ వెనక్కి తేలేదు.

ఉత్తరంలో కారణం ఏది రాయాలన్నది అన్నిటికంటే కష్టమైన సంగతి. ఆ నెలలో అందరి నోటా ఉన్న ధరను రాయాలనిపిస్తుంది. 2023 జూలైలో దేశంలోని చాలా నగరాల్లో కిలో టమాటా 200 రూపాయలు దాటింది. ఆ నెలలో టమాటా పేరు చెప్పి ధర పెంచినా ఎవరూ నోరెత్తి ఉండరు. కానీ సెప్టెంబరుకల్లా పత్తికొండ మార్కెట్లో రైతులకు కిలోకు కొద్ది రూపాయలే దక్కి, పంటను పారబోసే స్థితి వచ్చింది. టమాటా వల్ల పెంచామన్నవారిని ఖాతాదారు అప్పుడేమని అడుగుతాడో చెప్పనక్కర్లేదు. నూనె సంగతీ అంతే. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామ్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది, 2025 మే చివర దాన్ని 10 శాతానికి తగ్గించింది. వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో నూనె ధర ఇలాంటి నిర్ణయాల వెంట ఎక్కుతూ దిగుతూ ఉంటుంది.

ఒకసారి ఇచ్చిన జీతం మాత్రం వెనక్కి రాదు. అద్దె దిగదు. మంచి పాత బియ్యం ధర కాస్త అటూ ఇటూ అయినా ఏడాది కింద ఉన్న చోటికి చేరడం అరుదు. ధర పెంపు కూడా వెనక్కి రానిదే కాబట్టి, దానికి చెప్పే కారణాలు కూడా అలాంటివే అయి ఉండాలి. లెక్కలో నూనె, పెరుగు, గ్యాసు ఉన్నా ఉత్తరంలో బియ్యం, జీతాలు చాలు. కూరగాయలను లెక్కలోకి తీసుకోకపోవడానికీ కారణం ఇదే. టమాటా మండిపోయిన రోజుల్లో దోసకాయ పప్పు, సొరకాయ కూర వండి గడుపుకోవడం ప్రతి వంటింటికీ తెలిసిన పనే.

జీఎస్టీని కారణంగా చూపడం కొందరికి అలవాటు. ఈ సర్వీసుకు అది వర్తించదు. నెలకు లక్షా పాతిక వేల లోపు రాబడి, అంటే ఏడాదికి సుమారు 15 లక్షలు. సేవలకు నమోదు తప్పనిసరి అయ్యే హద్దు తెలంగాణలో 20 లక్షలు. నమోదు లేనివారు ఖాతాదారుల నుంచి పన్ను వసూలు చేయకూడదు కూడా. ఖాతాదారుల్లో ఒక్క రిటైరైన అకౌంటెంటు ఉంటే చాలు, ఆ ఒక్క మాటతో మిగతా ఉత్తరం మీద నమ్మకం పోతుంది.

ఇక తేదీ. ఒకటో తేదీ నుంచి అమలు చేసే పెంపును ముందు నెల మధ్యలో చెప్పాలి. జీతాల మీద బతికేవాళ్లు నెల ఖర్చులు ముందే వేసుకుంటారు, పెద్దవాళ్లలో కొందరు పిల్లలు పంపే డబ్బుతో కడతారు. వాళ్లకు ఇంకొకరికి చెప్పుకునే వ్యవధి కావాలి. ముప్పయ్యో తేదీన ఉత్తరం ఇచ్చి మర్నాటి నుంచి కొత్త ధర అంటే కోపం నాలుగు రూపాయల మీద రాదు, చెప్పిన తీరు మీద వస్తుంది. స్కూలు ఫీజులు కట్టే జూన్, పండుగ ఖర్చులుండే దసరా నెల ఇందుకు పనికిరావు. ఏప్రిల్ మంచిదే, అయితే విద్యార్థులు ఎక్కువగా తినే పేటల్లో పరీక్షలయ్యాక క్యారేజీలు ఎలాగూ తగ్గుతాయి. అక్కడ ఎవరు పెంపు వల్ల మానేశారో, ఎవరు ఊరెళ్లారో తేల్చుకోలేరు.

నాలుగు రూపాయల్లో చిల్లర చిక్కు ఒకటుంది. 84ను 26తో గుణిస్తే 2,184. నెల ఖాతావాళ్లు చాలావరకు ఫోన్లోనే కడతారు కాబట్టి చిల్లర అడ్డం కాదు, అయినా 2,180 అని దించి రాస్తే గుర్తుంటుంది, నెలకు పోయేది నాలుగు రూపాయలే. ఏ రోజుకారోజు చేతికి డబ్బిచ్చేవారికి 84 అంటే గుమ్మం దగ్గర ప్రతి రోజూ రూపాయి కోసం వెతుకులాట. వాళ్లకు 85 అనడం న్యాయమే, నెలకు కుదుర్చుకున్నవారికి కాస్త తక్కువ పడడంలో తప్పు లేదు.

ఇవన్నీ తేలాక ఉత్తరం ఇలా ఉంటుంది.

మార్చి 14

ఖాతాదారులందరికీ నమస్కారం.

ఏప్రిల్ 1 నుంచి మధ్యాహ్నం క్యారేజీ ధర రూ.80 నుంచి రూ.84 అవుతుంది. నెల ఖాతావారు 26 రోజులకు రూ.2,080 బదులు రూ.2,180 ఇవ్వాలి. ఏ రోజుకారోజు డబ్బిచ్చేవారికి రూ.85.

పోయిన ఏడాది ఏప్రిల్ నుంచి ధర మార్చలేదు. ఈలోగా బియ్యం కిలోకు 6 రూపాయలు పెరిగింది. వంటలో సాయం చేసే ఆమెకు, క్యారేజీలు తెచ్చే అబ్బాయికి జీతాలు పెంచాం. ముఖ్యంగా ఈ ఖర్చుల వల్లే పెంచవలసి వచ్చింది.

అన్నం, పప్పు, కూర, సాంబారు, పెరుగు ఇప్పుడు ఇస్తున్నంతే ఇస్తాం. బియ్యం, నూనె ఇప్పుడు వాడుతున్నవే వాడతాం.

ఇప్పటికే డబ్బు కట్టినవారికి ఆ భోజనాలు అయ్యేదాకా పాత ధరే. మీరు వద్దన్న రోజులు మాకు బాకీ ఉంటే అవీ పాత లెక్కలోనే ఇస్తాం.

పెరుగు వద్దనుకునేవారికి క్యారేజీ రూ.80కే ఇస్తాం. నెల ఖాతా రూ.2,080. మార్చి 28 లోగా చెప్పండి.

ఏదైనా అడగాలంటే సాయంత్రం 4 నుంచి 6 గంటల మధ్య ఫోన్ చేయండి.

ఈ ఉత్తరంలో ధర మొదటి వాక్యంలోనే ఉంది. మూడు పేరాల పరిచయం, పదేళ్ల అనుబంధం చెప్పి చివర అంకె వేస్తే, చదివేవారు అంకె కోసం కిందికి దిగి, పైది చదవకుండానే పక్కన పెడతారు. ‘అనివార్య కారణాల వల్ల’ అన్న మాట లేదు. అది ఏ కారణమూ చెప్పదు, చెప్పలేనిదేదో ఉందన్న అనుమానం మాత్రం రేపుతుంది. క్షమాపణ కూడా లేదు. జీతం పెంచినందుకు, మంచి బియ్యం కొన్నందుకు క్షమాపణ ఎందుకు? పెరిగిన మొత్తాన్ని క్యారేజీకీ, నెలకూ రెండు విధాలా చెప్పింది. ‘నాలుగు రూపాయలే’ అని ఊరుకుని నెల లెక్క దాస్తే, మొదటి తారీఖున వంద రూపాయల తేడా చూసినవారు మోసపోయామనుకుంటారు.

ముందే కట్టిన డబ్బు గురించిన రెండు వాక్యాలు చిన్నవిగా కనిపిస్తాయి గానీ ఎక్కువ తగాదాలు వచ్చేది అక్కడే. అందరి నెలా ఒకటో తేదీన మొదలుకాదు. మార్చి 20న చేరినవారు 26 భోజనాలకు డబ్బు కట్టేశారు, వాటిలో సగానికి పైగా ఏప్రిల్లో తింటారు. వారిని తేడా అడగడం అప్పటికే ముగిసిన బేరాన్ని తిరగదోడడమే. ఊరెళ్లి నాలుగు రోజులు వద్దన్నవారికి ఆ నాలుగు భోజనాలు 80 లెక్కన బాకీ ఉంటాయి. డబ్బుగా కాక భోజనాలుగా తీర్చితే గొడవే ఉండదు. ఈ పాత ధర భోజనాలన్నీ అయ్యేసరికి మొత్తం మీద వెయ్యి, రెండు వేల రూపాయల భారం పడవచ్చు. ఏప్రిల్ ఆదాయంలో దాన్ని ముందే తగ్గించి చూసుకోవాలి.

పెరుగు లేని క్యారేజీ, డబ్బు దగ్గర ఇబ్బందిపడేవారికి వదిలిన తలుపు. నెలకు వంద కూడా బరువైనవారు, ఇంట్లో తోడుపెట్టుకునేవారు అది తీసుకుంటారు. పెరుగు గిన్నె ఖర్చు సుమారు 6 రూపాయలు, వదులుకునేది 4 రూపాయలు, కాబట్టి వండేవారికీ నష్టం లేదు. ఈ వెసులుబాటు ఉత్తరంలో అందరికీ ఒకేలా రాసి ఉండాలి. బతిమాలిన ఒకరికి చాటుగా పాత ధరకే పూర్తి క్యారేజీ ఇస్తే, అదే అపార్టుమెంటులో రెండో అంతస్తుకు ఆ మాట సాయంత్రానికే చేరుతుంది.

ఇంకో ఏడాది పెంచబోమన్న హామీ ఉత్తరంలో కనిపించదు. రాస్తే చదివేవారికి బాగుంటుంది. కానీ 3 రూపాయల 81 పైసల భారానికి 4 రూపాయలు పెంచినప్పుడు చేతిలో మిగిలినవి 19 పైసలే. బియ్యం కిలోకు ఇంకో రెండు రూపాయలు పెరిగితే అవి చాలవు. మాట ఇవ్వదలిస్తే దానికి తగ్గట్టు ఇప్పుడే అయిదో ఆరో పెంచాలి, అది వేరే నిర్ణయం.

ఉత్తరం చేరే దారి గురించీ ఆలోచించాలి. కాగితాన్ని మడిచి పై గిన్నె మీద పెడితే ఆవిరికి తడిసి, సాంబారు మరకతో చేరుతుంది. ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి క్యారేజీ పిడికి కట్టడమో, చేతికివ్వడమో నయం. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్‌గా పంపితే, పంపినవారి నంబరు తమ ఫోన్లో దాచుకున్నవారికే అది అందుతుంది. అందని పది మందీ ఒకటో తేదీన తొలిసారి వింటారు. రెండు దారుల్లోనూ పంపి, అందినవారి పేర్ల ఎదుట గుర్తు పెట్టుకోవడం మంచిది. అన్నిటికంటే ముందు ఉత్తరం చదవవలసింది క్యారేజీలు పంచే కుర్రాడు. ‘ఏంటి బాబూ, ధర పెంచారట, అన్నం తగ్గిస్తారా?’ అని గుమ్మంలో అడిగేది అతన్నే. ‘లేదండీ, అన్నీ ఇప్పటిలాగే. కట్టినవాళ్లకు పాత ధరే’ అని అతను చెప్పగలిగితే సగం ఫోన్లు రావు.

ఒకటో తేదీ దాటాక ఆరు వారాల పాటు క్యారేజీల లెక్కను జాగ్రత్తగా చూడాలి. నేరుగా మానేసేవారు కొద్దిమందే, వాళ్లు మొదటి వారంలోనే చెప్పేస్తారు. తెలియకుండా జారిపోయేవారి జాడ వేరుగా ఉంటుంది. వారానికి ఆరు రోజులు తినేవారు ‘శనివారం వద్దులెండి’ అంటారు, తర్వాత బుధవారం కూడా వద్దంటారు. ఒకటో తేదీన కట్టేవారు ఎనిమిదో తేదీకి జరుగుతారు. అందుకే ఖాతాల సంఖ్య ఒక్కటీ చూస్తే చాలదు, రోజుకు నిజంగా బయటికి వెళ్లిన క్యారేజీలు ఎన్నో రాసుకోవాలి. ఈ ఉదాహరణలో సగటు 60 నుంచి 57కు దిగితే పెంపులో సగం కన్నా తక్కువ చేతికొచ్చినట్టు, 55కు చేరితే ఏమీ రానట్టు. అలా దిగినప్పుడు ధర వెనక్కి తీసుకోవడం కంటే, వద్దన్న రోజులు పెరిగిన ఇళ్లకు ఫోన్ చేసి కారణం అడగడం ముందు చేయవలసిన పని. చాలాసార్లు కారణం ధర కాక మరేదో అయి ఉంటుంది, ఒకే కూర వారంలో రెండుసార్లు రావడమో, క్యారేజీ ఒంటిగంట దాటాక చేరడమో.

లెక్క వేసిన కాగితాన్ని, ఉత్తరం ప్రతిని తేదీ వేసి ఖాతా పుస్తకంలో ఉంచుకోవాలి. ఆనాటి బియ్యం, నూనె, పప్పు, పెరుగు, సిలిండరు ధరలు, ఇద్దరి జీతాలు అందులో ఉంటాయి కాబట్టి, మరో ఏడాదికి ఏది ఎంత మారిందో జ్ఞాపకం మీద ఆధారపడకుండా చూసుకోవచ్చు.